అందరికీ, అన్నిచోట్లా, రిచ్‌గా

"ఏవండీ, ఒక మాంఛి ఇమేజ్ కావాలి. రిచ్‌గా ఉండాలి. ట్రెడిషనల్‌గా ఉండాలి గానీ మోడ్రన్‌గానూ కనపడాలి. ఏఐలో కొట్టేయండి, రెండు నిమిషాల పని."

హైదరాబాద్‌లో ఏ డిజైనర్ ఫోన్ తెరిచినా ఈ వాయిస్ మెసేజ్ ఉంటుంది. గొంతులు మారతాయి గానీ మెసేజ్ మారదు. ఇంత పరిపూర్ణమైన ఆదేశాన్ని అక్షరం పొల్లుపోకుండా అమలుచేస్తే ఎలా ఉంటుందో చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. కూకట్‌పల్లిలో పచ్చళ్ల దుకాణం నడిపే ఒక పెద్దమనిషి పుణ్యమా అని అదీ తీరింది.

ఆయన చెప్పిన మాటల్నే ఇంగ్లీషులో పెట్టి, బొమ్మలు గీసే ఏఐ మెషీన్‌కిచ్చాను: రిచ్, ట్రెడిషనల్, మోడ్రన్, పికిల్. గాజు సీసాలో వెనిగర్‌లో తేలుతున్న కీరా ముక్కలు వచ్చాయి. మెషీన్ తప్పేం లేదు, అది చూసిన లోకంలో పికిల్ అంటే అదే. ఇండియన్ మ్యాంగో పికిల్ అని మార్చాను. ఈసారి ఇత్తడి గిన్నెలో పండు మామిడి ముక్కలు, పసుపు పచ్చగా, చదరంగా తరిగినవి. వెనక పట్టు తెరలు, పైన షాండిలియర్. రిచ్ అన్నాం కదా మరి! నిజాం నవాబు తన కూతురి పెళ్లికి మామిడిపండు జామ్ పెట్టించినట్టుంది.

పెద్దమనిషి మురిసిపోయాడు. డాలస్‌లో ఉన్న బావమరిదికి పంపాడు. ఆయన నిద్ర లేచి "ఇంకొంచెం పాప్ అవ్వాలి బావా" అన్నాడు. అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్‌కి చూపిస్తే పూలు పెట్టమన్నాడు. పూలు పెట్టాం. ఇంటర్ చదివే కొడుకు బ్యాక్‌గ్రౌండ్ బ్లాక్ చేయమన్నాడు. చేశాం. చివరికి నల్లటి చీకట్లో, బంతిపూల మధ్య, షాండిలియర్ కింద జామ్ ధగధగలాడుతుంటే, దుకాణంలో ప్యాకింగ్ చేసే ఆవిడ ఫోన్‌లోకి తొంగిచూసి "ఇదేం పచ్చడండీ? ముక్కకి టెంకేదీ?" అంది.

అంతమందిలో ఆవకాయ వంక చూసింది ఆవిడొక్కతే. పుల్లటి పచ్చికాయ, ప్రతి ముక్కకీ టెంక, ఆవపిండి, కారం, పైకి తేలిన నువ్వులనూనె. ఇవేవీ లేనిదాన్ని ఆవకాయని నమ్మించాలంటే, ఆవకాయ తినని వాళ్లకే అమ్ముకోవాలి.

అప్పుడు వెళ్లి ఆయన ముందు కూర్చున్నాను. మీ ఆడియన్స్ ఎవరండీ అని అడిగితే "అందరూ" అంటారు, అందుకని ఆ ప్రశ్న అడగలేదు. "నిన్న సాయంత్రం కొన్నదెవరు?" అన్నాను. ఆయన గల్లాపెట్టె వైపు చూసి ఆలోచించాడు. యాభై దాటిన ఇద్దరమ్మలు. ఒకావిడ కొడుకు చికాగోలో, ఇంకొకావిడ కూతురు సిడ్నీలో. నూనె కారకుండా సీల్ వేస్తారా అని ఇద్దరూ అడిగారట. అభిప్రాయం అడిగితే మనిషి గొప్పలు చెబుతాడు, నిన్నటి బేరం అడిగితే ఉన్నది చెబుతాడు. ఏళ్ల తరబడి ఆవకాయ కలిపిన చేతులు వాళ్లవి. వాళ్లకి షాండిలియర్ అక్కర్లేదు, టెంక కనపడాలి.

"ఎక్కడ వేస్తారు?" అంటే "అన్నిచోట్లా" అంటాడని తెలుసు. "ఇది చూసేటప్పుడు కొనే ఆవిడ చేతిలో ఏముంటుంది?" అన్నాను. ఫోనేనట. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతారట. సగం సంగతి అక్కడే తేలిపోయింది. బొమ్మ నిలువుగా, 4:5లో ఉండాలి, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు ఐదు. మరీ పొడుగైతే చాట్‌లో పైనా కిందా కత్తిరించి చూపిస్తుంది. అరచేతిలో పట్టే తెర మీద ఒక్క వస్తువు పెద్దగా ఉంటే చాలు, పూలూ తెరలూ చెత్తలా కనపడతాయి.

ఇక మూడ్. "రిచ్ అంటే ఏమిటండీ" అని అడిగితే "అదేనండీ, రిచ్" అంటారు. అందుకని రెండు వాక్యాలు ముందు పెట్టాను. ఆవిడ చూసి "మా అమ్మ పెట్టినట్టే ఉంది" అనుకోవాలా, "పెళ్లివారికి గిఫ్ట్ ఇవ్వచ్చు" అనుకోవాలా? ఆయన ఠక్కున మొదటిదన్నాడు. మొదటిదంటే కిటికీలోంచి పక్కగా పడే పొద్దుటి వెలుతురు, జాడీ, వేడన్నం. రెండోదంటే చీకటి వెనకతెర, బంగారపు కాంతి. రిచ్ అనే మాట మెషీన్‌కి గిన్నె మీద పూతే. వెలుతురు ఎటునుంచి పడాలో చెబితే ఏం చేయాలో దానికి అర్థమవుతుంది.

మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది, టీతో కలిపి. ఈ ఇరవై నిమిషాలు దండగ అనుకునే మేనేజర్లున్నారే, వాళ్ల గురించి రాసేటప్పుడు నవ్వు రాదు. క్లయింట్‌ని ప్రశ్న అడిగితే "ఆ మాత్రం తెలీదా" అంటాడని వీళ్లకి వణుకు. అందుకని ఆ వాయిస్ మెసేజ్‌ని ఉన్నదున్నట్టు జూనియర్‌కి ఫార్వర్డ్ చేసి, "కొన్ని ఆప్షన్స్ ఇవ్వమ్మా" అని ఇంటికెళ్లి పడుకుంటారు. ఆ పిల్ల మాదాపూర్‌లో ఏసీ ఆఫీసులో చివరి మెట్రో పోయేదాకా కూర్చుని ఆప్షన్ మీద ఆప్షన్ తీస్తుంది. పొద్దున్నే "ఇది కాదు, ఫీల్ రాలేదు" అంటారు. ఏ ఫీల్ రా నాయనా? ఎవరికి రావాలో నువ్వు అడిగావా? నీ పిరికితనానికి ఆ పిల్ల నిద్ర ఎందుకు ఖర్చవ్వాలి?

సరే. కూకట్‌పల్లి జవాబుల్ని ఒకచోట పేర్చి, బొమ్మలు గీసే మిడ్‌జర్నీకి ఇచ్చింది ఇది:

```
Andhra avakaya in a brown and white ceramic jar,
raw green mango pieces with hard shell attached,
red mustard chilli paste, sesame oil on top,
steel plate of hot rice, morning window light from left,
plain empty wall in upper third --ar 4:5 --no text, people
```

ఇందులో ప్రతి ముక్కా ఏదో ఒక జవాబులోంచి వచ్చిందే. పైన మూడోవంతు గోడ ఖాళీగా వదిలింది దుకాణం పేరు రాయడానికి. తెలుగు అక్షరాల్ని మెషీన్‌తో రాయిస్తే "అమ్మమ్మ చేతి రుచి"లో ఒత్తులు తరచూ గోడ దూకి పారిపోతాయి. కాబట్టి బొమ్మలో అక్షరాలు వద్దనేసి, తర్వాత ఫోటోషాప్‌లో మనమే పెట్టుకోవడం మేలు.

అయినా టెంక సరిగా రాలేదు. షెల్ అటాచ్డ్ అని ఎంత మొత్తుకున్నా ఒకసారి కొబ్బరి చిప్ప, ఒకసారి బాదం తొక్క వచ్చాయి. అడ్జెక్టివ్‌లు పోగేసినంత మాత్రాన మెషీన్‌కి టెంక బోధపడదు. దుకాణంలోని జాడీ మూత తీయించి, కిటికీ పక్కన పెట్టి, ఫోన్‌తో ఫోటో తీశాను. ఆవకాయ ఫోటోలోది, వెనక గోడా వెలుతురూ మెషీన్‌వి. అయినా అమ్మే సరుకు బొమ్మ ఆ సరుకుదే అయి ఉండాలి. సీసా ఇంటికి తీసుకెళ్లి మూత తీసినప్పుడు ఆ అమ్మ మన మెషీన్‌ని కాదు, దుకాణాన్ని తిడుతుంది.

పెద్దమనిషి ఓకే అన్నాడు. ప్యాకింగ్ ఆవిడ కూడా తలూపింది, నాకు ఆ ఓకే ముఖ్యం. మర్నాడే ఫోను: "దీన్నే హోర్డింగుకి పంపేయండి, నలభై బై ఇరవై." నిలువు బొమ్మని ఎత్తుకి రెండింతలు వెడల్పున్న చట్రంలో కూరిస్తే జాడీ మెడ తెగుతుంది, లేదా అన్నం కంచం పోతుంది. అది మళ్లీ తీయాల్సిన బొమ్మ. హోర్డింగ్ సిగ్నల్ దగ్గరా, ఫ్లైఓవర్ దిగే చోటా అని అడిగాను. సిగ్నల్ అయితే జనం ఆగుతారు, రెండు లైన్లు చదువుతారు. ఫ్లైఓవర్ అయితే ఒక జాడీ, ఒక పేరు, అంతే. ఎక్కడో కనుక్కుని చెబుతానన్నాడు. చెప్పేదాకా నేను కంప్యూటర్ ముట్టను. అడ్వాన్స్ కూడా ఇంకా రాలేదు లెండి.