అమ్మ పుట్టుమచ్చ ఎటు పోయింది?

నాన్న షష్టిపూర్తి కార్డు కోసం అమ్మ పాత ఫొటో ఇచ్చి, పట్టుచీరలో కొత్త బొమ్మ చేయమని ఏఐకి పెట్టాను. చీర అదిరింది. గడ్డం మీద ఎడమవైపు ఉండాల్సిన పుట్టుమచ్చ మాత్రం మాయం! రెండోసారి కుడివైపు వచ్చింది. మూడోసారి ఏకంగా రెండు మచ్చలు. ముంజేతి మీద నాన్న పేరు పచ్చబొట్టయితే కోడి కెలికినట్టు తయారైంది.

కారణం తెలిసీ మండుతోంది. చాలా మోడళ్లు ఫొటోను ముందు కుదిస్తాయి. అటూ ఇటూ ఎనిమిదేసి పిక్సెళ్లను ఒక్క గడిలోకి నొక్కేస్తాయి. నా ఫొటోలో మచ్చ మొత్తం నాలుగు పిక్సెళ్లు. ఇంకేం మిగులుతుంది? మిగిలినా, నున్నటి ముఖాలు చూసి చూసి నేర్చుకున్న మోడల్ దాన్ని మరకనుకుని తుడిచేస్తుంది. పోనీ ‘ఎడమ’ అని రాస్తే, అమ్మ ఎడమో చూసేవాళ్ల ఎడమో దానికి పట్టదు.

చివరికి పాత ఫొటోలో గడ్డం ఒక్కటే దగ్గరగా కత్తిరించి రెండో రిఫరెన్సుగా ఇచ్చాను. బొమ్మలో ఆ కాస్త చోటే మారాలని మాస్క్ గీసి గుర్తుపెట్టి, అంతవరకే మళ్లీ చేయించాను. మచ్చ కుదిరింది. పచ్చబొట్టుకి అదీ పనిచేయలేదు, అక్షరాలు కదా. అసలు ఫొటోలోంచి కోసి, చేతి వంపుకు తగ్గట్టు వంచి, నేనే అతికించాను. అప్పటికి రాత్రి ఒంటిగంట.

పొద్దున నాన్నకి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని అన్నారు: "బాగుందిరా. మీ అమ్మ కనుబొమ్మ మీద గాటేదీ?"