మైనస్ ఒకటో గది ఎక్కడుంది?

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడితే గుంటూరు బ్రాడీపేటలోని జిరాక్స్ షాపుల్లో డేటా స్ట్రక్చర్స్ పాత ప్రశ్నపత్రాలు కట్టలు కట్టలుగా కాపీ అవుతుంటాయి. పిల్లలు వాటిని ఇంటికి తెచ్చుకుని ఒక్కో ప్రోగ్రామునూ ఐదారుసార్లు చేత్తో రాస్తారు. పరీక్షలో కోడ్ కాగితం మీదే రాయాలి కాబట్టి చేత్తో రాసి చదవడం సరైన పద్ధతే. కానీ చాలామంది రాసి ఆపేస్తున్నారు, రాసిన దాన్ని నడిపి చూడటం లేదు. నా అభ్యంతరం అక్కడే.

మా చెల్లెలి కొడుకు ఇంజినీరింగ్ రెండో ఏడాది. మొన్న ఆదివారం ఇన్సర్షన్ సార్ట్ రాసి చూపించాడు. "పదిసార్లు రాశాను మావయ్యా, చూడకుండా వచ్చేస్తోంది" అన్నాడు. వాడు రాసింది ఇదీ:

```c
for (i = 1; i < n; i++) {
    key = a[i];
    j = i - 1;
    while (a[j] > key) {
        a[j+1] = a[j];
        j--;
    }
    a[j+1] = key;
}
```

పైపైన చూస్తే తప్పు కనపడదు. ల్యాప్‌టాప్‌లో కొట్టి 7, 12, 9, 10 ఇస్తే వరుస సరిగ్గానే వచ్చిందట. నేను చివరి 10 కొట్టేసి 3 వేశాను. "మెషిన్ ముట్టుకోకు, పెన్సిల్‌తో నడుపు" అన్నాను.

కాగితం మీద నాలుగు గదులు గీసి, పక్కన key, j లకు చోటు పెట్టుకున్నాడు. key 12 అయినప్పుడు ఎడమవైపు 7 చిన్నదే, కదలిక లేదు. key 9 అయినప్పుడు 12 కుడికి జరిగింది, 7 దగ్గర ఆగింది. వరుస 7, 9, 12, 3 అయింది. ఇప్పుడు key 3. 12 జరిగింది, 9 జరిగింది, 7 కూడా జరిగింది. j విలువ 0 కొట్టేసి -1 రాశాడు. తర్వాత a[j] చూడాలి. వాడి పెన్సిల్ మొదటి గదికి ఎడమవైపు ఖాళీ కాగితం మీదికి వెళ్లి ఆగిపోయింది. అక్కడ గది లేదు.

"కానీ మెషిన్‌లో 3 ఇచ్చినా సరిగ్గానే వస్తోంది కదా?" అని అడిగాడు. నిజంగానే కొట్టి చూపించాడు, వచ్చింది కూడా. సి భాష అర్రే హద్దులను తనిఖీ చెయ్యదు. a[-1] అంటే అర్రేకు ముందున్న మెమరీలో ఏముంటే అది చదువుతుంది. అక్కడ 3 కంటే పెద్దది కాని విలువేదో ఉండబట్టి లూప్ ఆగింది. పెద్ద విలువ ఉంటే అది అర్రేలోకి దూరి ఉండేది. తప్పు కోడ్‌కు ఒప్పు జవాబు రావడం కంటే ప్రమాదం లేదు. పేపరు దిద్దేవారు అవుట్‌పుట్ చూడరు, లూప్ షరతు చూస్తారు.

సరిచేయడానికి ఒక్క లైను చాలు:

```c
while (j >= 0 && a[j] > key)
```

షరతుల వరుస కూడా ముఖ్యమే. && ఎడమవైపుది తప్పయితే కుడివైపుది చూడదు. తిరగేసి రాస్తే లేని గదిని ముందే చదివేసినట్టు.

అందుకే నేనడిగేది, ఒక ప్రోగ్రామును పదిసార్లు రాయడం కాదు, రెండుసార్లు రాసి మూడు రకాల అంకెలతో నడపడం. అన్నిటికంటే చిన్నది చివర వచ్చేలా ఒకటి, ముందే వరుసలో ఉన్నవి ఒకటి, ఒకే అంకె రెండుసార్లు ఉన్నది ఒకటి. ప్రతి పాస్ చూపించమనే పాత ప్రశ్నలకు జవాబు ఇలా నడుపుతుంటేనే వచ్చేస్తుంది. కాంప్లెక్సిటీ కూడా అంతే. సరిచేసిన లూప్‌తో 7, 12, 9, 3 నడిపి అంకెల మధ్య పోలికలు లెక్కపెడితే 1, 2, 3, మొత్తం 6. నాలుగు అంకెలకు అంతకు మించవు. n అంకెలకు n(n-1)/2 ఎలా వచ్చిందో ఇక బట్టీ పట్టనక్కర్లేదు.

రికర్షన్‌కూ ఇదే పద్ధతి, కాకపోతే ప్రతి కాల్‌కూ ఒక కొత్త పెట్టె గీయాలి. ఫాక్టోరియల్‌లో `fact(n-1)` బదులు `fact(n--)` రాసేవాళ్లు ఎందరో. మెషిన్ మీద సాధారణంగా `Segmentation fault` అని వచ్చి ఆగిపోతుంది, ఎందుకో చెప్పదు. కాగితం మీద మొదటి పెట్టెలో n 4 అయితే రెండో పెట్టెలోనూ 4 రాయాల్సి వస్తుంది, ఎందుకంటే తగ్గకముందు విలువే కిందికి వెళ్తుంది. మూడో పెట్టెలోనూ 4 పడగానే కారణం కళ్లకు కడుతుంది.

కాగితానికీ పరిమితి ఉంది. సెమికోలన్ మరిచినా, `scanf` లో & వదిలేసినా మన కన్ను దాన్ని ఉన్నట్టే చదువుకుంటుంది. కనుక కాగితం మీద నడిపాక, అక్షరం మార్చకుండా ఉన్నది ఉన్నట్టు టైపు చేయాలి. కొడుతూ కొడుతూ సరిదిద్దితే చేసిన పనంతా వృథా. వచ్చిన ప్రతి ఎర్రర్‌నూ ఆ కాగితం మీదే ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టాలి.

మావాడి మొదటి కాగితం మీద నాలుగు ఎర్ర గుర్తులు పడ్డాయి. వాటిలో మూడు &లే.