అరవై నాలుగు ‘పీ’లు

పొద్దున పదిన్నరకి మా ప్రపోజల్ మీద జీరోత్ రివ్యూ. పదకొండుకల్లా బయట ఉన్నాం. మేజర్ ప్రాజెక్టు టైటిల్ ముఖం చూసి అటెండెన్స్ వేసే సిస్టమ్. ఈ టైటిల్ చూడగానే కమిటీలో ముగ్గురూ ఒకేసారి కుర్చీల్లో వెనక్కి వాలారు. మొహం మొత్తిన వాసన అక్కడే తగలాల్సింది.

స్కోప్ సంగతి రెండు మాటల్లో. "కాలేజీలోని అన్ని బ్రాంచీలకు, వెబ్, మొబైల్, క్లౌడ్, ఇంకా తల్లిదండ్రులకు ఎస్సెమ్మెస్" అని ఉంది. కామా పెట్టడానికి ఖర్చేముందని పెట్టాం. ఒక్క ఎస్సెమ్మెస్ కామా తీసుకోండి. ట్రాయ్ నిబంధనల ప్రకారం అలాంటి మెసేజ్‌లు పంపే సంస్థ డీఎల్‌టీ అనే రిజిస్ట్రీలో నమోదవ్వాలి, పంపినవారి పేరుగా కనిపించే హెడర్ తీసుకోవాలి, మెసేజ్ టెంప్లేట్‌కి ముందే ఆమోదం ఉండాలి. అది కాలేజీ చెయ్యాల్సిన పని, నలుగురు విద్యార్థులది కాదు. కాబట్టి అది ‘ఈ ప్రాజెక్టు చెయ్యనివి’ అనే జాబితాలోకి పోవాలి. మా ప్రపోజల్‌లో అలాంటి జాబితానే లేదు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఫార్మాట్‌లో దానికి చోటు లేదు మరి. అక్నాలెడ్జ్‌మెంట్‌కి మాత్రం ఒక నిండు పేజీ ఉంది. ఇంకా మొదలే పెట్టని పనికి ముందుగానే అందరికీ ధన్యవాదాలు.

ఇక ఇవాల్యుయేషన్ ప్లాన్. ఒకే ఒక్క లైను: "సిస్టమ్ 90 శాతానికి పైగా యాక్యురసీ సాధిస్తుంది."

కమిటీలో చివర కూర్చున్న మేడమ్ అంతవరకూ నోరు విప్పలేదు. "సెక్షన్‌లో ఎంతమంది?" అన్నారు. 64. "రోజూ ఎంతమంది రారు?" సగటున ఆరుగురు. ఆవిడ ఒక తెల్లకాగితం తీసుకుని ‘పీ’ అని రాశారు. పక్కన ఇంకో ‘పీ’. దాని పక్కన ఇంకోటి. మొదటి వరుసకి ఎనిమిది. రెండో వరుస మొదలుపెట్టారు.

అరవై నాలుగు ‘పీ’లు రాయడానికి ఎంతసేపు పడుతుందో ఎప్పుడైనా చూశారా? మూడో వరుసలో పెన్ను ఆగిపోయింది. ఆవిడ విదిలించారు, రాయలేదు. మాలో ఒకడు వినయంగా తన పెన్ను ఇచ్చాడు. మన మెడకి ఉరితాడు మనమే పేని ఇవ్వడమంటే అదే, కాకపోతే ఇది జెల్ పెన్ను. ఐదో వరుస దగ్గర హెచ్‌ఓడీగారికి ఫోన్ వచ్చింది, మాట్లాడి పెట్టేశారు, ఇంకా ఆరో వరుసే నడుస్తోంది. ప్రొజెక్టర్ మీద మా స్లైడు అలాగే వెలుగుతోంది: 90 శాతానికి పైగా. ఎనిమిదో వరుస పూర్తి చేసి ఆవిడ కాగితం మా వైపు తిప్పారు. "ఇదీ నా సిస్టమ్. కెమెరా కూడా అక్కర్లేదు. యాక్యురసీ ఎంతో చెప్పండి."

64 మందిలో 58 మంది వచ్చారు. వచ్చినవాళ్ళందరికీ కాగితం సరిగ్గానే వేసింది. 58ని 64తో భాగిస్తే 90.6 శాతం. మా లక్ష్యాన్ని ఒక తెల్లకాగితం దాటేసింది. పైథాన్‌లో రాస్తే రెండు లైన్లు:

```python
def attendance(photo):
    return ["P"] * 64
```

ఆవిడ అడిగింది దొంగ ప్రశ్నేమీ కాదు. ఎక్కువమంది ఒకే వైపు ఉన్నచోట యాక్యురసీ అనే ఒక్క అంకె గుడ్డిది. హాజరు విషయంలో పట్టాల్సింది రానివాళ్ళని. ఆవిడ కాగితం రాని ఆరుగురిలో పట్టింది సున్నా. ఆ మాట మేం స్లైడు మీద రాసుకుని ఉంటే, ఆవిడ చేతికి ఆ కాగితమే దొరికేది కాదు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో లెక్క మళ్ళీ వేశాం. 20 పీరియడ్లు పరీక్షిస్తే మొత్తం 1280 నిర్ణయాలు. అందులో వచ్చినవి 1160, రానివి 120. వచ్చినవాళ్ళలో నూటికి ఐదుగురి ముఖాలు కెమెరాకి చిక్కలేదనుకుందాం. వెనక బెంచీ, తల దించి ఫోన్, ముందువాడి భుజం, ఏదైనా కావచ్చు. అంటే వచ్చినా 58 సార్లు ఆబ్సెంట్. రానివాళ్ళలో 12 సార్లు ఇంకెవరి ముఖమో వాళ్ళదిగా పొరబడి ప్రెజెంట్ పడిందనుకుందాం, 108 సార్లు పట్టింది. యాక్యురసీ 94.5 శాతం. చూడ్డానికి గొప్పగా ఉంది. కానీ సిస్టమ్ ఆబ్సెంట్ అన్న 166 సార్లలో 58 తప్పు, అంటే మూడింట ఒకటి. పీరియడ్‌కి ముగ్గురు లేచి "సార్, నేనిక్కడే ఉన్నాను" అంటారు. 75 శాతం హాజరు లేకపోతే కండోనేషన్ ఫీజు కట్టే చోట ఇది చిన్న తప్పు కాదు.

కాబట్టి ప్లాన్‌లో రెండు అంకెలు విడివిడిగా ఉండాలి: రానివాళ్ళలో ఎంతమందిని పట్టింది, వచ్చినవాళ్ళలో ఎంతమందికి అన్యాయం చేసింది. ఒకదాన్ని లాగితే రెండోది కదులుతుంది. `face_recognition` లైబ్రరీ వాడితే, రెండు ముఖాలు ఒకరివేనని ఒప్పుకోవడానికి ఉండదగ్గ తేడా హద్దు మామూలుగా `tolerance=0.6`. దాన్ని తగ్గిస్తే పొరబాటు ప్రెజెంట్లు తగ్గుతాయి, అన్యాయపు ఆబ్సెంట్లు పెరుగుతాయి. ఈ హద్దుని వేరే రోజుల ఫోటోల మీద ఖాయం చేసుకుని, ఆ 20 పీరియడ్లలో ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ప్రశ్నపత్రం ముందే చూసి పరీక్ష రాసినట్టు. వాటి పక్కనే మేడమ్‌గారి కాగితానికీ ఒక వరుస ఇవ్వాలి, పోల్చుకోవడానికి.

ఇక్కడే టైమ్‌లైన్ కూలిపోయింది. మా గాంట్ చార్టులో 16 వారాలు, ‘టెస్టింగ్’కి చివర్లో ఒక్క వారం. 20 పీరియడ్లు కావాలంటే, గైడ్ సబ్జెక్టు వారానికి నాలుగు పీరియడ్లు కాబట్టి ఐదు వారాలు. ప్రతి పీరియడ్‌లోనూ ఒకరు చేత్తో రోల్ కాల్ కూడా రాయాలి, లేకపోతే సిస్టమ్ చెప్పింది నిజమో కాదో దేనితో పోలుస్తాం? రిపోర్టుకి చివరి రెండు వారాలు వదిలితే, పరీక్ష 10 నుంచి 14వ వారం దాకా. అంటే 9వ వారానికి కోడ్ నడుస్తూ ఉండాలి. మొదటి మూడు వారాలు 64 మంది దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుని ఫోటోలు తియ్యడానికే. మధ్యలో మిడ్ పరీక్షలు, సంక్రాంతి. వీటి కింద నలిగి అన్ని బ్రాంచీలూ, మొబైలూ, క్లౌడూ వాటంతటవే రాలిపోయాయి. మిగిలింది ఒక సెక్షన్, ఒక గది, ఒక కెమెరా. ఉదయం కమిటీ అరగంట అరిచినా తగ్గని స్కోప్, క్యాంటీన్‌లో రెండు టీలకి తగ్గింది.

సాయంత్రం నాలుగింటికి కొత్త ప్రతి ప్రింటు తీయించి ఆఫీసుకి తీసుకెళ్ళాం. అక్కడాయన తిరగేసి, ఇవాల్యుయేషన్ పేజీ దగ్గర ఆగి, వెనక్కి తోశారు. ఫార్మాట్‌లో లేదట. ఫార్మాట్‌లో ‘యాక్యురసీ’ అని ఒక్క గడే ఉంది, అందులో ఒక్క అంకె వేసి తెమ్మన్నారు. పేజీ బోర్డరు కూడా మర్చిపోయామట. గడువు రేపు పదకొండు గంటలకి.