అడవిపందులు పెరిగాయంటే పులి పోయినందుకేనా?

నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో అడవిపందుల మాట ఎత్తితే చాలు, వెంటనే ఒక వివరణ వినిపిస్తుంది. పులులు, చిరుతలు తగ్గాయి, అందుకే పందులు పెరిగాయి, చేలు పాడవుతున్నాయి అని. టీవీ చర్చల్లో ఇదే మాట, పీజీ విద్యార్థులు రాసే ఎకాలజీ పేపర్లలోనూ ఇదే మాట. పేపర్లో అయితే దీనికి ట్రోఫిక్ కాస్కేడ్ అని పేరు పెడతారు, పులిని కీస్టోన్ జాతి అంటారు, అమెరికాలోని ఎల్లోస్టోన్ తోడేళ్ల గురించి ఒక పేరా రాసి ముగిస్తారు. ఈ వివరణ తప్పని నేను అనడం లేదు. దాన్ని ఎవరూ పరీక్షించకుండానే నిజమని రాసేస్తున్నారు, నా అభ్యంతరం అక్కడే.

ఆ రెండు మాటలూ చెప్పేది చిన్న విషయమేమీ కాదు. ట్రోఫిక్ కాస్కేడ్ అంటే పైనున్న వేటాడే జంతువు తగ్గితే దాని ప్రభావం కనీసం రెండు మెట్లు కిందికి దిగాలి. అంటే ఆకులు, కాయలు తినే జంతువులు పెరగాలి, దానివల్ల మొక్కలు తగ్గాలి. పందులు పెరిగాయని చెప్పి ఆగిపోతే అది ఒక మెట్టే. ఇక కీస్టోన్ జాతి అంటే తన సంఖ్యకు మించిన ప్రభావం చూపేది. అడవంతా నిండిన చెట్టు అడవిని మార్చిందంటే ఆశ్చర్యం లేదు, అది సంఖ్యాబలం. కొద్ది సంఖ్యలో ఉండి కూడా మొత్తం అమరికను నిలబెడుతుంటేనే కీస్టోన్ అనాలి.

ఈ పేరు పెట్టింది రాబర్ట్ పెయిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, 1969లో. దాని వెనుక ఆయన చేసిన పని చాలా మొరటుది. 1963లో వాషింగ్టన్ రాష్ట్రపు సముద్ర తీరంలో 8 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తున్న ఒక రాతి పట్టీని ఎంచుకున్నాడు. దాని మీదున్న సముద్ర నక్షత్రాలను, అంటే స్టార్‌ఫిష్‌లను, పెకిలించి నీళ్లలోకి విసిరేయడం, మళ్లీ వస్తే మళ్లీ విసిరేయడం, అంతే ప్రయోగం. మొదట బార్నకిల్స్ అనే, రాళ్లకు అతుక్కుని బతికే చిన్న గుల్ల జీవులు రాయిని కమ్మేశాయి. తర్వాత మసెల్స్ అనే నల్ల ఆల్చిప్పలు వాటిని నెట్టేసి పాకాయి. మొదట్లో 15 జాతులున్న ఆ పట్టీ మీద చివరికి 8 మిగిలాయి. సముద్ర నక్షత్రం ఇష్టంగా తినేది ఆ ఆల్చిప్పలనే. అది తింటున్నంత కాలం రాతి మీద మిగతా జాతులకు కాస్త చోటు దొరికింది.

విద్యార్థులు ఇంతవరకు బాగానే రాస్తారు. వదిలేసేది పక్క పట్టీని. పెయిన్ దాన్ని ముట్టుకోలేదు. అదే తీరం, అవే అలలు, నక్షత్రాలు మాత్రం ఉన్నాయి. అక్కడ జాతులు తగ్గలేదు. ఆ పక్క పట్టీ లేకపోతే, ఆ ఏడాది నీళ్లు వేడెక్కాయనో, ఆల్చిప్పలకు కలిసొచ్చిన సంవత్సరమనో ఎవరైనా అనొచ్చు, కాదనడానికి మన దగ్గర ఆధారం ఉండదు. ఇంకో సంగతి. తర్వాత బ్రూస్ మెంజ్ బృందం ఒరెగాన్ తీరంలో ఇదే పరిశీలించి 1994లో ప్రచురించింది. అలలు గట్టిగా కొట్టే చోట నక్షత్రం ప్రభావం బలంగా ఉంది, అలల తాకిడి లేని చోట బలహీనంగా ఉంది. జాతి అదే, ఒక చోట కీస్టోన్, ఇంకో చోట కాదు. కాబట్టి 'పులి కీస్టోన్ జాతి' అని రాసేటప్పుడు ఎక్కడ అన్నది కూడా రాయాలి.

రాతి పట్టీ నుంచి నక్షత్రాలను ఏరేయొచ్చు, అడవి నుంచి పులుల్ని ఏరేసి చూస్తామా? అలాంటి ప్రయోగాన్ని ఒక డ్యామ్ చేసి పెట్టింది. మన పాలమూరు పాఠకులకు ఇది ఎల్లోస్టోన్ కంటే తేలిగ్గా అర్థమవుతుంది. సోమశిల దగ్గర కృష్ణ బ్యాక్‌వాటర్‌లో గుట్టల తలలు దీవుల్లా తేలి కనిపిస్తాయి కదా, వెనెజ్వెలాలో కరోనీ నది మీద గురి డ్యామ్ కట్టినప్పుడు అదే జరిగింది, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. 1986కల్లా జలాశయం పూర్తిగా నిండేసరికి లోయల్లోని గుట్టలు వందల దీవులయ్యాయి. కొన్ని ఒక హెక్టారు కూడా ఉండవు, కొన్ని నాలుగు నుంచి పన్నెండు హెక్టార్లు, కొన్ని నూటయాభైకి మించినవి. చిన్న దీవిలో జాగ్వార్, ప్యూమా లాంటివి బతకలేవు, వాటికి వేట చాలదు. పెద్ద దీవుల్లో, ఒడ్డు మీద మాత్రం అవి ఉన్నాయి. నేల ఒకటే, వాన ఒకటే, చెట్లు ఒకే అడవివి.

జాన్ టెర్బోర్ బృందం ఈ దీవుల్ని ఏళ్ల తరబడి పరిశీలించి 2001లో తొలి ఫలితాలు ఇచ్చింది. వేటాడే జంతువులు లేని దీవుల్లో ఎలుక జాతి జీవులు, ఉడుములాంటి ఇగ్వానాలు, హౌలర్ కోతులు, ఆకులు కత్తిరించే చీమలు ఒడ్డు మీదకంటే 10 నుంచి 100 రెట్లు ఎక్కువగా ఉన్నాయి. ఇది మొదటి మెట్టు. రెండో మెట్టు కోసం వాళ్లు పెద్ద చెట్ల వైపు చూడలేదు, లేత మొక్కల్ని లెక్కపెట్టారు. పెద్ద చెట్టు యాభై ఏళ్ల కిందటి సంగతి చెబుతుంది, ఈ పదేళ్లలో ఏం జరిగిందో మోకాలెత్తు మొక్కను అడగాలి. చిన్న దీవుల్లో ఆ మొక్కలు మొదట్లోనే పెద్ద దీవుల్లోని వాటిలో 37 శాతం ఉన్నాయి, ఐదేళ్లకు 25 శాతానికి పడిపోయాయి. పైకి చూస్తే అడవి పచ్చగానే ఉంది, కింద తర్వాతి తరం లేదు.

ఈ కేసులో నాకు బాగా నచ్చేది చీమల సంగతి. ఆకు కత్తిరించే చీమల్ని అదుపులో పెట్టేది జాగ్వార్ కాదు, దండు చీమలు. అవి కూడా చిన్న దీవుల్లో నిలవలేదు. అంటే కాస్కేడ్‌లో వేటాడే జంతువు పులంత ఉండాలనేం లేదు. మన పేపర్లలో మాత్రం బొమ్మకు అందంగా ఉండే జంతువే ఎప్పుడూ పైమెట్టు మీద కూర్చుంటుంది!

గురి కేసుకూ లోపాలున్నాయి, చెప్పాలి. నీళ్లు పెరుగుతున్నప్పుడు జంతువులు పారిపోలేక చిన్న దీవుల్లో కుక్కుకుపోయి ఉండొచ్చు, కొంత పెరుగుదల దాని వల్ల కావొచ్చు. చిన్న దీవికి అంచు ఎక్కువ, ఎండా గాలీ ఎక్కువ, మొక్కలు అందుకూ చస్తాయి. అయితే ఏళ్లు గడిచినా జంతువుల సాంద్రత తగ్గకపోవడం, మొక్కల లెక్క ఇంకా కిందికి పోవడం చూశాక 'తాత్కాలికం' అన్న వాదన బలహీనపడింది. అంచు సమస్య పూర్తిగా పోలేదు.

ఎల్లోస్టోన్ కథ ఇందుకు తలకిందుల కథ, ఇక్కడ తోడేళ్లు తిరిగి వచ్చాయి. 1926కల్లా పార్కులో తోడేళ్లు అంతరించాయి, 1995, 96లలో కెనడా నుంచి 31 తెచ్చి వదిలారు. ఎల్క్ దుప్పులు తగ్గాయి, విల్లో, ఆస్పెన్ మొక్కలు లేచాయి, చివరికి నదులే దారి మార్చుకున్నాయి అని ప్రచారం. అయితే అదే సమయంలో ఎలుగులు పెరిగాయి, పార్కు బయట మనుషుల వేట ఉంది, కరువొచ్చింది. వాగుల పక్కన కొందరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ప్రయోగం చేసి చూశారు. దుప్పులు రాకుండా కంచె వేసినంత మాత్రాన విల్లోలు పెద్దగా ఎదగలేదు, కంచెతో పాటు చిన్న అడ్డుకట్ట కట్టి భూగర్భజలం పైకి తెచ్చిన చోటే ఎదిగాయి. తోడేళ్లు లేని డెబ్బై ఏళ్లలో, కొమ్మలతో వాగులకు అడ్డుకట్టలు కట్టే బీవర్లు అనే జంతువులు పోయాయి, వాగులు లోతుకు కోసుకుపోయాయి, నీళ్లు కిందికి దిగాయి. తోడేలు వచ్చినంత మాత్రాన నీళ్లు పైకి రావు. ఆస్పెన్ మొక్కల లెక్కలోనూ పొరపాటు బయటపడింది. కొన్ని అధ్యయనాల్లో ప్రతి చోటా ఎత్తైన ఐదు మొక్కల్నే కొలిచారు. యాదృచ్ఛికంగా ఎంచిన మొక్కల్ని కొలిస్తే వచ్చే పెరుగుదల కంటే అది నాలుగు నుంచి ఏడు రెట్లు ఎక్కువ చూపించిందని 2022లో తేలింది. తోడేళ్ల ప్రభావం లేదని దీనర్థం కాదు, పాఠ్యపుస్తకాలు చెప్పినంత లేదని.

ఇప్పుడు మన పందుల దగ్గరికి వద్దాం. మన దగ్గర రెండు మార్పులు కలిసి వచ్చాయి. ఒకటి, అమ్రాబాద్ అడవి బయట మైదానంలో వేటాడే జంతువులు దాదాపు కనిపించవు. రెండు, పందికి తిండి పెరిగింది. బోర్లు, ఎత్తిపోతల నీళ్లతో ఏడాదంతా ఏదో ఒక పైరు ఉంటోంది. వరి, మక్క, బుడ్డలు, ఏదైనా దానికి పండగే. పగలు దాక్కోవడానికి చెరువు గట్ల మీద, బీళ్లలో సర్కారు తుమ్మ ఉండనే ఉంది. పంది ఒక్క ఈతకు నాలుగైదు పిల్లల్ని పెడుతుంది, తిండి దొరికితే అవి బతుకుతాయి. పులి ఉన్నా లేకున్నా ఈ లెక్క మారకపోవచ్చు. రాత్రంతా చేను చుట్టూ పాత చీరలు కట్టి కాపలా కాసే రైతుకు కారణం ఏదైనా నష్టం ఒకటే. కానీ పరిష్కారం కారణాన్ని బట్టి ఉంటుంది. తిండి వల్ల పెరుగుతున్న జంతువును తుపాకీతో ఎన్ని సార్లు తగ్గించినా మళ్లీ నిండుతుంది.

ఈ రెంటినీ విడదీయడం అసాధ్యమేం కాదు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు కొన్ని ఊళ్లకు వచ్చాయి, కొన్నిటికి రాలేదు. కొన్ని ఊళ్లు అమ్రాబాద్ అడవిని ఆనుకుని ఉన్నాయి, కొన్ని దూరంగా ఉన్నాయి. అంటే నాలుగు రకాల ఊళ్లు దొరుకుతాయి. అడవి పక్కన నీళ్లున్నవి, అడవి పక్కన నీళ్లు లేనివి, అడవికి దూరంగా నీళ్లున్నవి, అడవికి దూరంగా నీళ్లు లేనివి. ఒక్కో రకంలో కొన్ని ఊళ్లు ఎంచి పందుల్ని లెక్కపెడితే, నీళ్లున్న ఊళ్లన్నిటిలో ఎక్కువుండి అడవి దూరంతో తేడా రాకపోతే కారణం తిండి. నీళ్లు ఒకేలా ఉన్నా పులులు, చిరుతలు తిరిగే అడవి పక్కన పందులు తక్కువుంటే అప్పుడు వేటాడే జంతువు మాటకు బలం వస్తుంది. అయితే అడవి పక్కన పందికి అడవి కూడా ఇల్లే, దానివల్ల అక్కడ లెక్క పెరిగి పులి ప్రభావాన్ని మరుగుపరచొచ్చు. అందుకే దూరం ఒక్కటే సరిపోదు, ఆ ఊరి దగ్గర చిరుత నిజంగా తిరుగుతోందా అని కెమెరా ట్రాప్‌తో విడిగా చూడాలి.

లెక్కపెట్టాల్సింది పందుల్ని, నష్టపరిహారం దరఖాస్తుల్ని కాదు. ఆఫీసు దగ్గరున్న ఊరి నుంచి దరఖాస్తులు ఎక్కువ వస్తాయి, పైరు ఎక్కువున్న ఊళ్లో నష్టం ఎక్కువ కనిపిస్తుంది. అది ఎత్తైన ఐదు మొక్కల్నే కొలిచినట్టవుతుంది. డొంకల వెంట నిర్ణీత దూరం నడిచి గిట్టల గుర్తులు, తవ్విన మట్టి, పెంటికలు లెక్కేయడం, రాత్రి కెమెరాలు పెట్టడం పీజీ విద్యార్థులు ఒక సీజన్‌లో చేయగలిగిన పనే. రెండో మెట్టుకు అడవిలో కంచె కావాలి. పది మీటర్ల చదరం ఒకటి పంది రాకుండా కంచెతో, పక్కనే ఇంకొకటి కంచె లేకుండా, వానాకాలం ముందూ తర్వాతా రెండింట్లో లేత మొక్కల లెక్క. రెండింటి మధ్య తేడా రాకపోతే అక్కడ పందుల సమస్య ఉండొచ్చు, ట్రోఫిక్ కాస్కేడ్ మాత్రం లేదు. పేపర్లో ఆ మాట అలాగే రాయాలి, మార్కులు పోతాయన్న టెన్షన్ లేకుండా.