మెయిల్లో ముభావం ఎవరిది?

నరసాపురం నుంచి లేసు ఎగుమతి చేసే ఒకావిడ ఉన్నారనుకుందాం. ఆగస్టు మొదటి సోమవారం ఆవిడ యూరప్‌లోని కొనుగోలుదారుకి మెయిలు పెట్టారు. పన్నెండు టేబుల్ క్లాత్ నమూనాలు పంపామండి, అందాయా, దారం రంగు మీరు చెప్పినట్టే కుదిరిందా అని. అర నిమిషం తిరక్కుండానే జవాబు వచ్చింది: 25వ తేదీ దాకా ఆఫీసులో ఉండను, ఈలోపు మెయిళ్లు చూడను, అత్యవసరమైతే ఫలానా చిరునామాకు రాయండి. పలకరింపు లేదు, లేసు ఊసు లేదు. సరే, ఏదో తొందరలో ఉన్నాడేమోనని బుధవారం ఇంకోటి రాశారు. ఈసారి ఆ ముక్క కూడా రాలేదు.

ఇరవై ఆరున అసలు జవాబు వచ్చింది. నమూనాలు బాగున్నాయి, ధరలు పంపండి అని రెండే వాక్యాలు. కిందికి జరిపితే ఆవిడ పాత మెయిలు కనిపించింది. దాని నెత్తిన ఒక పసుపు పెట్టె: జాగ్రత్త, ఇది బయటి నుంచి వచ్చిన మెయిలు, పంపినవారు మీకు తెలియకపోతే లింకులు నొక్కవద్దు. అట్టడుగున ఇంకో పేరా: ఇది గోప్యమైన సమాచారం, మీకోసం కాకపోతే వెంటనే చెరిపేయండి, ఎవరికైనా చూపిస్తే చట్టపరమైన చర్య తప్పదు. ఆరేళ్లుగా సరుకు పంపుతున్న మనిషికి ఇది ఎలా తగులుతుందో చెప్పక్కర్లేదు. మాట మాటకీ ‘అండి’ తగిలించే గోదావరి వైపు ఇంకాస్త గట్టిగా తగులుతుంది.

ఇక్కడ ఆవిడకి నాలుగు దెబ్బలు తగిలాయి: పొడి జవాబు, ఆ తర్వాతి మౌనం, పసుపు పెట్టె, చట్టం బెదిరింపు. నాలుగూ ఒకే మనిషి ఖాతాలో పడ్డాయి. నిజానికి ఆయన చేత్తో రాసినది మొదటిది మాత్రమే, అదీ ఆవిడకి రాసినది కాదు.

ముందు ఆ మౌనం సంగతి చూద్దాం, ఎక్కువ అపార్థం అక్కడే పుడుతుంది. సెలవు జవాబు పంపే మిషను వచ్చిన ప్రతి మెయిలుకీ పలకదు. అవుట్‌లుక్‌లో ఆటోమేటిక్ రిప్లై పెడితే, అది నడిచినన్నాళ్లూ ఒక్కో మనిషికి ఒక్కసారే వెళుతుంది. జీమెయిల్ పద్ధతి కొంచెం వేరు. ఒకసారి చెప్పాక నాలుగు రోజులు ఊరుకుంటుంది, ఆ తర్వాత అదే మనిషి మళ్లీ రాస్తే అదే మాట మళ్లీ పంపుతుంది. కాబట్టి కొనుగోలుదారు అవుట్‌లుక్ వాడితే బుధవారం మెయిలుకు మౌనమే జవాబు. జీమెయిల్ అయితే బుధవారం మౌనం, మరుసటి సోమవారం రాస్తే పొల్లు పోకుండా అదే పాత పాఠం. మొదటిది చూసి ‘ఇప్పుడు జవాబు కూడా దండగనుకున్నాడు’ అనిపిస్తుంది, రెండోది చూసి ‘చెప్పిందే మొహాన కొట్టాడు’ అనిపిస్తుంది. రెండూ లెక్కలే, అలకలు కావు.

ఆ లెక్క ఎందుకు పెట్టారంటే, సెలవులో ఉన్న ఇద్దరి మిషన్లు ఒకదానికొకటి జవాబిచ్చుకుంటూ పోతే తెల్లారేసరికి రెండు పెట్టెలూ నిండిపోతాయి. 2004లో ఆర్‌ఎఫ్‌సి 3834 అనే ప్రమాణ పత్రం దీనికి మర్యాదలు రాసింది. ఒకే మనిషికి పదేపదే పంపవద్దు, మధ్యలో వారం ఎడం పెట్టండి, ఒకేసారి చాలామందికి వెళ్లే జాబితా మెయిళ్లకు పలకవద్దు, పంపేది మిషనని మెయిలు వెనక దాగి ఉండే శీర్షిక వరుసల్లో గుర్తు పెట్టండి అని. ఈ గుర్తు మనకి పనికొస్తుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి Show original ఎంచుకుంటే ఆ శీర్షికలన్నీ కనిపిస్తాయి (ఫోను యాప్‌లో ఈ దారి లేదు). అందులో ఈ వరుస కోసం చూడాలి:

```
Auto-Submitted: auto-replied
```

కొన్ని ఆఫీసు సర్వర్లు చివరి మాటని `auto-generated` అని రాస్తాయి. ఏదున్నా దాన్ని మనిషి నొక్కి పంపలేదనే అర్థం. అంత దూరం వెళ్లకుండా తెలిసే గుర్తులూ ఉన్నాయి. అవుట్‌లుక్ పంపేదైతే విషయం ముందు Automatic reply అని ఉంటుంది. పైగా నిమిషంలోపు వచ్చిన జవాబు, మీరు అడిగిన ఒక్క విషయాన్నీ తాకకపోతే, ఇంక అనుమానం అక్కర్లేదు.

ఇక ఆ పొడిదనం. అవుట్‌లుక్‌లో సెలవు జవాబుకు రెండు పెట్టెలుంటాయి, ఒకటి సొంత సంస్థవాళ్లకి, ఇంకొకటి బయటివాళ్లకి. లోపలివాళ్ల పెట్టెలో పిల్లలతో కొండలకి వెళుతున్నానని కబుర్లు రాసినవాళ్లు కూడా బయటి పెట్టెలో రెండు ముక్కలతో సరిపెడతారు. చాలా సంస్థలు అలాగే రాయమంటాయి, కారణం దొంగలు. ఎవరు ఎప్పటిదాకా లేరు, వాళ్ల బదులు ఎవరున్నారు అనే వివరం దొరికితే, ఆ పేరు చెప్పి లెక్కల విభాగానికి ‘బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇందులో వేయండి’ అని రాయడం మోసగాడికి తేలిక. బయటి పెట్టెకు టిక్కే పెట్టనివాళ్లూ ఉంటారు. అప్పుడు నరసాపురానికి మొదటి మెయిలుకే ఏమీ రాదు, అదే గంటలో పక్క టేబుల్ మనిషికి మాత్రం జవాబు వెళుతుంది.

అలాగని రాసినవాళ్లని పూర్తిగా వదిలేయలేం. సెలవు జవాబు రాయడమంటే ఎవరో తెలియని మనిషికి, ఏం రాస్తారో తెలియని ఉత్తరానికి ముందే జవాబు రాసి పెట్టడం. శుభలేఖ పంపిన పెద్దాయనకీ, బాకీ అడిగిన వ్యాపారికీ అదే వెళుతుంది. ‘మెయిళ్లు చూడను’ అనే వాక్యం ఆ ఇద్దరిలో ఎవరికీ నప్పదు. ‘25 తర్వాత చూస్తాను’ అన్నా విషయం అదే, పైగా తర్వాత చూస్తారన్న భరోసా ఉంటుంది.

అడుగున ఉండే చట్టం పేరా కథ వేరు. దాన్ని చాలా సంస్థల్లో ఉద్యోగి రాయడు, అతికించడు, చూడను కూడా చూడడు. మెయిలు అతని చేతి నుంచి బయల్దేరాక దారిలో సర్వర్ దాన్ని ఆపి, ఆ పేరా అంటించి వదులుతుంది. అందుకే అతని పంపిన మెయిళ్ల పెట్టెలో ఉన్న ప్రతిలో ఆ పేరా ఉండదు. ‘మాకు ఆ బెదిరింపేంటండీ’ అని అడిగితే ‘ఏ బెదిరింపు?’ అని అతను నిజంగానే తెల్లమొహం వేస్తాడు. చాలా ఆఫీసుల మెయిళ్లు నడిపే మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌ఛేంజ్ సర్వర్ మామూలు పద్ధతిలో ఆ పేరాని తాజా జవాబు కింద కాకుండా మొత్తం ఉత్తరాల గొలుసు అడుగున పెడుతుంది. అందువల్ల నాలుగు జవాబులు నడిచేసరికి అడుగున నాలుగు పేరాలు పేరుకుంటాయి. ఈ పేరా ఇప్పటికే ఉంటే మళ్లీ అంటించవద్దు అని సర్వర్‌కిచ్చే నియమంలో ఒక మినహాయింపు పెట్టొచ్చు. నిర్వాహకులు మరిచిపోతారు, ఈవల మనుషులు ‘ఎన్నిసార్లు చెబుతాడు’ అని నొచ్చుకుంటారు. ఇందులో రాసిన మనిషిని తప్పు పట్టడానికి ఏమీ లేదని నా అభిప్రాయం. ‘ఫోను నుంచి పంపాను’ అనే అరవాక్యం కూడా ఇలాంటిదే, ఫోను తయారుచేసినవాళ్లు ముందే పెట్టి అమ్మినది.

అన్నిటికన్నా ఘాటుగా తగిలేది పసుపు పెట్టె, ఎందుకంటే అది ఆవిడ సొంత మాటల నెత్తిన కూర్చుంది. ఇది ఆవిడకి చెప్పిన మాటే కాదు. బయటి నుంచి వచ్చే మెయిళ్లన్నిటికీ అవతలి సర్వర్ తన ఉద్యోగులకోసం ఈ హెచ్చరిక అంటిస్తుంది, ఇందాక చెప్పిన ఖాతా మార్పు మోసాల భయంతోనే. అంటించేది మెయిలు ఒంట్లోనే కాబట్టి, ఉద్యోగి జవాబు నొక్కగానే పాత మెయిలుతో పాటు అదీ ఉటంకింపులోకి వచ్చి తిరుగు ప్రయాణం కడుతుంది. ఇంట్లోవాళ్లకి చెప్పిన జాగ్రత్త గుమ్మం బయట నిలబడ్డ చుట్టం చెవిన పడ్డట్టన్నమాట. దీన్ని తప్పించే పద్ధతి ఉంది. ఎక్స్‌ఛేంజ్ ఆన్‌లైన్‌లో బయటి మెయిలుకి ఇన్‌బాక్స్ జాబితాలోనే External అనే చీటీ చూపించే ఏర్పాటు వచ్చింది. ఆ చీటీ మెయిలు ఒంట్లోకి చేరదు కాబట్టి జవాబుతో తిరిగి రాదు. పాత పద్ధతి వాడే సంస్థలతో వ్యవహారం ఉన్నప్పుడు ఆ పెట్టెని పట్టించుకోకపోవడమే మందు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది: మీ పేరుతో ఖాతా మార్పు మెయిలు ఎవరైనా పంపారేమోనని అవతలివాళ్లు అడిగితే కోపగించుకోకుండా ఫోనులో నిర్ధారించండి.

ఇప్పుడు ఆ మెయిలుని మళ్లీ చదివితే, ఇరవై ఆరున ఆ మనిషి ఆవిడకోసం రాసినవి రెండు వాక్యాలు. ఒకటి మెచ్చుకోలు, ఒకటి ధర అడగడం. మూడు వారాల సెలవు తర్వాత మొదటి రోజే ఆ మాట రాశాడు.

జనవరి వచ్చేసరికి ఈ బండి తిరగబడుతుంది. భోగి నుంచి ముక్కనుమ దాకా డెల్టాలో ఆఫీసు తలుపు తీసేవాళ్లు తక్కువ. భీమవరం రొయ్యల ఎగుమతిదారు నుంచి అమలాపురం కొబ్బరి పీచు వ్యాపారి దాకా సెలవు జవాబు పెట్టేవాళ్లు అంతకన్నా తక్కువ. అప్పుడు మౌనం మనదవుతుంది. సంక్రాంతి అంటే ఏమిటో తెలియని అవతలివాడు నాలుగు రోజులు ఎదురుచూసి, సరుకు ఎగ్గొట్టారేమో అనుకుంటాడు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో అట్టడుగున Vacation responder ఉంటుంది, ఇలా రాసుకోవచ్చు:

‘నమస్కారమండి. ఇది మిషను పంపే జవాబు, మీ ఉత్తరం మేమింకా చదవలేదు. పండక్కి 13 నుంచి 16 దాకా ఆఫీసు మూసి ఉంటుంది. 17 నుంచి వచ్చిన వరుసలో చూస్తాం. సరుకు దారిలో ఉన్నవారు ఈ నంబరుకు ఫోను చేయండి.’

రెండో వాక్యం తీసేయవద్దు. చదివి కూడా ఇంతే రాశారన్న అనుమానాన్ని తీర్చేది అదొక్కటే. బాబాయిలూ బావగార్లూ కూడా అదే చిరునామాకు రాస్తారు కాబట్టి వరస పెట్టి పిలవకండి, ‘అండి’ అందరికీ సరిపోతుంది. విదేశీయులుంటే అదే పాఠం ఇంగ్లీషులోనూ కింద చేర్చండి, పండగ పేరుకన్నా తేదీలే ముఖ్యం. ఫోను నంబరు ఇస్తే ఆ ఫోను ఎత్తే మనిషి నిజంగా ఉండాలి. ఆ మనిషి కోడిపందేల దగ్గర ఉంటే నంబరు ఇవ్వకపోవడమే నయం.

Last day అనే గడిలో 16 వేస్తే ఆ రాత్రి 11:59తో జవాబు ఆగిపోతుంది. ఆ గడిలో తేదీ వేయడం తప్పనిసరి కాదు, అక్కడే చాలామంది దొరికిపోతారు. ఖాళీగా వదిలేస్తే, మీరు వెళ్లి ఆపేదాకా, మాఘమాసం పెళ్లిళ్లయ్యాక కూడా మీ ఆఫీసు పండక్కి మూసే ఉంటుంది.