లెక్క చేయకుండా జవాబు చెప్పే దురాచారం

మన విశాఖపట్నంలో ఒక దురాచారం ప్రబలుతున్నదని, అది మా ఎంవీపీ కాలనీ ఇంట్లోకే జొరబడిందని మిక్కిలి విచారంతో తెలియజేసుకుంటున్నాను. మొన్న ఆదివారం మా కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫోటో వచ్చింది. జిరాక్స్ కాగితాన్ని ట్యూబ్‌లైట్ కింద వంకరగా పట్టుకుని తీసిన ఆ ఫోటోలో భౌతికశాస్త్ర ప్రశ్న ఒకటి ఉంది. నున్నని నేల మీద M ద్రవ్యరాశి గల వెడ్జ్, దాని θ వాలు మీద ఘర్షణ లేకుండా జారే m ద్రవ్యరాశి గల దిమ్మె. వెడ్జ్ త్వరణం ఎంత? కింద నాలుగు ఐచ్ఛికాలు.

(1) m²g sinθ cosθ / (M + m)
(2) mg sin²θ cosθ / (M + m)
(3) mg sinθ cosθ / (M + m)
(4) mg sinθ cosθ / (M + m sin2θ)

నాలుగో దానిలోని ఆ 2 పైన ఘాతంగా ఉందో, కింద θ పక్కన గుణకంగా ఉందో ఫోటోలో తెలియడం లేదు.

పెద్దమనిషిగా నేను తెల్లకాగితాలు తెచ్చుకుని, బలాల పటాలు గీసి, సమీకరణాలు రాయడం మొదలుపెట్టాను. ఇంటర్ చదివే మా మేనకోడలు పెన్ను కూడా ముట్టలేదు. మొదటి దానిలో పైన కిలోగ్రాముల వర్గం, కింద కిలోగ్రాములు ఉన్నాయి కాబట్టి చివరికి న్యూటన్లు మిగులుతాయని, త్వరణం అడిగితే బలం చెప్పే జవాబును నమ్మలేమని దానిని కొట్టేసింది. అయ్యా, కనీసం దాని వాదన వినకుండా!

తరువాత θ సున్నా అయితే వాలే లేదు, 90 డిగ్రీలైతే దిమ్మె గోడ వెంబడి పడిపోతుంది. రెండు సందర్భాల్లోనూ వెడ్జ్ కదలకూడదు అన్నది. మిగిలిన మూడూ ఈ పరీక్షలో నెగ్గాయి. M అనంతమైతే ఏమవుతుందని చూసినా మూడూ సున్నాయే. అందరూ ప్యాసయ్యే పరీక్ష దేనికని నేను సంతోషించేలోపే ఆ పిల్ల బొమ్మను అద్దంలో చూసింది. వాలు సముద్రం వైపు కాక సింహాచలం వైపు తిరిగితే వెడ్జ్ అంతే త్వరణంతో వ్యతిరేక దిశలో కదలాలి. అంటే θ బదులు −θ రాస్తే విలువ మారకుండా గుర్తు మాత్రమే మారాలి. రెండో దానిలోని sin²θ గుర్తు మారనివ్వదు కనుక అదీ పోయింది.

ఇక అసలు ఘోరం. వెడ్జ్‌కు ద్రవ్యరాశే లేదనుకోమన్నది. బరువు లేని వస్తువు మీద నికర బలం ఉండడానికి వీల్లేదు కనుక దిమ్మెకూ దానికీ మధ్య ఒత్తిడి సున్నా. దిమ్మె g తో నిట్టనిలువుగా పడుతుంది, వెడ్జ్ దాని కింది నుంచి తప్పుకుంటూ పోతుంది. దిమ్మె h దిగేలోపు వెడ్జ్ h/tanθ జరగాలి కాబట్టి దాని త్వరణం g/tanθ. M = 0 పెడితే మూడోది g sinθ cosθ ఇస్తుంది; 45 డిగ్రీల దగ్గర రావలసిన g కు అది సగమే. నాలుగోదానిలో 2 ను గుణకంగా చదివితే ఏ కోణానికైనా g/2 వస్తుంది. పైగా వాలును అటు తిప్పితే ఒక విలువ, ఇటు తిప్పితే ఇంకో విలువ. ఘాతంగా చదివితే సరిగ్గా g cosθ/sinθ. అంటే జవాబు దొరకడమే కాదు, ఫోటోలో కనబడని అక్షరం కూడా దొరికింది! జిరాక్స్ షాపువాడికి లేని అధికారం ఈ పిల్లకెవరిచ్చారు?

ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలున్నాయి కాబట్టి ఇలా చేయక తప్పదని ఆమె సమర్థన. ఈ పద్ధతికీ దిక్కుతోచని చోట్లు లేకపోలేదు. లోలకం ఆవర్తన కాలానికి 2π ఉన్న జవాబునూ, ఉత్త π ఉన్న జవాబునూ పక్కపక్కన ఇస్తే ప్రమాణాలు గాని, అద్దం గాని, అవధులు గాని వాటిని విడదీయలేవు. ‘పైవేవీ కావు’ అని ఐదో వరుస ఉంటే, చివరికి మిగిలిన ఒక్కటీ నిజమేనన్న పూచీ కూడా ఉండదు. ఆ వరుసను ప్రతి ప్రశ్నకూ తప్పనిసరి చేయాలని ఈ వ్యాసం ద్వారా ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ఇంతకీ నా సాధన ముప్పైఐదు నిమిషాలకు పూర్తయింది. హారంలో M − m sin²θ వచ్చింది. అది నాలుగింటిలోనూ లేదు కనుక అచ్చుతప్పు అని నిర్ధారించి, కాగితాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. ఆమె సమాధానం అక్షరం మార్చకుండా ఇస్తున్నాను: “మావయ్యా, M సరిగ్గా m sin²θ అంత ఉంటే మీ హారం సున్నా. దిమ్మె ఇంకా జారడం మొదలుపెట్టకముందే మీ వెడ్జ్ భీమిలి దాటిపోతుంది.”