కొత్త బ్రాంచి, తొంభై రోజులు: తేదీలు ముందా, మనుషులు ముందా?

"జూలై 1న ఒక మండల కేంద్రంలో బ్యాంకు బ్రాంచి మేనేజరుగా చేరుతున్నాను. ఇంతవరకు ప్రాంతీయ కార్యాలయంలోనే పనిచేశాను. మొదటి తొంభై రోజుల ప్రణాళిక రాసి పంపమన్నారు. ఏం నేర్చుకోవాలి, ఎవరిని కలవాలి, ఏ వరుసలో?"

దీనికి ఇద్దరు జవాబు చెప్పారు. ఒకరు బ్రాంచి నడుపుతూనే కొత్త మేనేజర్లకు పాఠాలు చెప్పే మేడం. మరొకరు ఆంధ్రలోని మెట్ట గ్రామాల బ్రాంచీల్లో పనిచేసి రిటైరైన పెద్దాయన. నా మొగ్గు మేడం వైపే. అయితే పెద్దాయన మాటల వల్ల ఆమె ప్రణాళిక కొంత మారింది.

పెద్దాయన: ప్రణాళిక పై ఆఫీసుకు కావాలి, బ్రాంచికి అక్కర్లేదు. మొదటి నెల పరిశీలన, రెండో నెల ఆచరణ, మూడో నెల ఫలితాలు అని రాస్తారు. ఆ కాగితం చెరకు ఫ్యాక్టరీకైనా సరిపోతుంది. నేను చేరిన ప్రతి బ్రాంచిలో ఒకటే పని చేశాను. ఉదయం కౌంటర్లు తెరిచేదాకా సిబ్బందితో కూర్చోవడం, సాయంత్రం ఏదో ఒక ఊరికి వెళ్లడం. ఊరే నేర్పుతుంది.

మేడం: ఆ కాగితం నాకూ పనికిరాదు సార్. ఈయన ప్రణాళికను చేరే తేదీ నుంచే కట్టాలి. జూలై 1 మొదటి రోజైతే తొంభయ్యో రోజు సెప్టెంబర్ 28. ఆ తర్వాత రెండు రోజులకే అర్ధ సంవత్సరం ముగింపు. ఇప్పుడు ఒక బట్టల దుకాణం అప్పు సంగతే చూడండి. నెల వాయిదా 9,400 రూపాయలు, మిగిలిన బాకీ సుమారు 4 లక్షలు. జూన్ 30న కట్టాల్సిన వాయిదా కట్టలేదు. ఆ రాత్రి లెక్క ముగిసేసరికే ఖాతా, మొండి బాకీకి ముందుండే మూడు హెచ్చరిక మెట్లలో మొదటిదైన ఎస్‌ఎంఏ-0లోకి వెళ్తుంది. జూలై 30న ఎస్‌ఎంఏ-1, ఆగస్టు 29న ఎస్‌ఎంఏ-2, అప్పటికీ కట్టకపోతే సెప్టెంబర్ 28న మొండి బాకీ. ఈయన కుర్చీలో కూర్చునే ముందు రోజు తప్పిన వాయిదా, సరిగ్గా ఈయన తొంభయ్యో రోజున బ్రాంచి మీద పడుతుంది. ఊరు ఇది నేర్పదు.

పెద్దాయన: ఆ జాబితా కంప్యూటరే ఇస్తుందమ్మా.

కొత్త మేనేజరు: అవును మేడం, ప్రాంతీయ కార్యాలయంలో ఆ జాబితాలు బ్రాంచీలకు పంపింది నేనే. నాలుగేళ్లు రుణ విభాగంలోనే ఉన్నాను. కాబట్టి ఈ భాగం నాకు నేర్చుకునే పని ఉండదు. డిపాజిట్ల సేకరణ గురించి చెబుతారా?

మేడం: మీరు పంపింది వరుస సంఖ్యలు బాబూ. ఆ దుకాణం తలుపు మీరు తట్టలేదు. ఆయన సెప్టెంబర్ 27న ఒక్క వాయిదా, 9,400 కడితే జూన్ బాకీ తీరుతుంది, జూలై వాయిదా పాతదిగా మిగులుతుంది, ఖాతా నిలబడుతుంది. అదే 29న వచ్చి 9,400 కడితే లాభం లేదు. అప్పటికి జూన్, జూలై, ఆగస్టు వాయిదాలు మూడూ పెండింగు. మొత్తం 28,200, దానిపై పడిన వడ్డీ పూర్తిగా కడితేనే ఖాతా మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. 2021 నవంబర్‌లో రిజర్వు బ్యాంకు ఈ విషయం స్పష్టంగా చెప్పింది. పైగా వర్గీకరణ మనిషిని బట్టి జరుగుతుంది, ఖాతాను బట్టి కాదు. ఆయనకు అదే బ్యాంకులో గృహ రుణం ఉండి, అది సక్రమంగా కడుతున్నా, అదీ మొండి బాకీ అవుతుంది. ఇది ఆయనకు తెలుసా? చాలామందికి తెలియదు. "వచ్చే నెల కలిపి కడతాను" అంటారు, కట్టే ఉద్దేశంతోనే అంటారు. అందుకే మొదటి నెలలో నేర్చుకోవలసింది "రుణ విధానం" అని రాయకూడదు. జూలై 30 నాటికి, కంప్యూటర్ తెరవకుండా, అత్యధిక బాకీ ఉన్న 20 ఖాతాల పేర్లు, వాళ్ల వ్యాపారం, డబ్బు చేతికి వచ్చే నెల రాయగలగాలి. రాశాక సిస్టంతో పోల్చుకోవాలి. ఎన్ని తప్పాయో చూస్తే నేర్చుకున్నదెంతో తెలుస్తుంది.

పెద్దాయన: డబ్బు చేతికి వచ్చే నెల అన్నారు చూడండి, అది ఏ తెర మీద కనిపిస్తుంది? అది ఊరే చెబుతుంది.

మేడం: ఒప్పుకుంటాను. కానీ ఏ ఊరికి, ఎవరి ఇంటికి, ఏ తేదీలోపు వెళ్లాలో తేదీలే చెప్పాలి. మీలాగా సాయంత్రం వీలున్న వైపు వెళితే, రోడ్డు బాగున్న ఊళ్లే ఎక్కువసార్లు చూస్తాం.

పెద్దాయన: అది నిజమే. నా రోజుల్లోనూ కాలువ అవతలి ఊళ్లు వెనకబడ్డాయి. సరే, మొదటి వారం ఏం చేయమంటారు?

మేడం: చార్జి తీసుకోవడం. నగదు, తాళంచెవులు, తాకట్టు బంగారం సంచులు, పత్రాలు. నగదు అందరూ లెక్కపెడతారు. బంగారం దగ్గరే తొందరపడతారు, ఎందుకంటే బదిలీ అయిన మేనేజరు అప్పటికే సామాను లారీ ఎక్కించి ఉంటాడు. సంచులు రిజిస్టరు ప్రకారం అన్నీ ఉన్నాయా, సీళ్లు చెదరలేదా అన్నది ఉమ్మడిగా తాళం పట్టే అధికారి సమక్షంలో ఒక్కొక్కటీ చూడాలి. తెరిచి తూచడం అన్నిటికీ కుదరదు. కాబట్టి చార్జి కాగితంలో "సంఖ్య, సీళ్లు సరిచూశాను, బరువు, నాణ్యత సరిచూడలేదు" అని రాసి సంతకం చేయాలి. ఆ తర్వాత వారానికి కొన్ని సంచుల చొప్పున తెరిపించాలి. మొదట విలువ కట్టిన అప్రైజర్‌తో కాకుండా మరో అప్రైజర్‌తో చూపించాలి. ఇందులో ఎవరినీ అనుమానించినట్టు కాదు. సెప్టెంబర్‌లో తేడా బయటపడితే అది ఎప్పటిదో చెప్పగలగాలి.

పెద్దాయన: దీనికి అడ్డు చెప్పను. మీ ప్రణాళికలో అసలు లోపం వేరే ఉంది. మొదటి నెల నేర్చుకోవడం అంటున్నారు. మెట్టలో జూలై అంటే ఏమిటో చెప్పండి. వాన పడింది, పత్తి విత్తనం, ఎరువు కొనాలి. రైతు పాత పంట రుణం కట్టి కొత్తది తీసుకోవాలి. కట్టడానికి బయట చేబదులు తెస్తాడు. మీ కొత్త మేనేజరు "ఇంకా పరిశీలిస్తున్నాను" అని పది రోజులు ఫైలు పక్కన పెడితే, ఆ పది రోజుల వడ్డీ రైతు నెత్తిన పడుతుంది. ఇంకోసారి వాళ్లు బ్యాంకుకు రారు, వ్యాపారి దగ్గరికే వెళతారు. మీరు నేర్చుకుంటున్న నెలే వాళ్లకు సంవత్సరమంతా.

మేడం: ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. మార్చుకుంటాను. పాత పరిమితి మేరకు రెన్యువల్, ఖాతా సక్రమంగా ఉంటే, ఆపకూడదు. మొదటి వారం నుంచే రోజూ జరగాలి, ఫీల్డ్ ఆఫీసర్ సిద్ధం చేసినవి ఆ రోజే చూడాలి. పరిమితి పెంచమన్న దరఖాస్తులు మాత్రం పొలం చూశాకే.

పెద్దాయన: పొలం చూస్తే మరో చిక్కు ఎదురవుతుంది. పట్టా ఒకరిది, సాగు ఇంకొకరిది. యజమాని పట్టణంలో ఉండి రుణం తీసుకుంటాడు, కౌలు రైతు, సాగు హక్కుకు ప్రభుత్వం ఇచ్చే సీసీఆర్‌సీ కార్డు పట్టుకుని మీ గుమ్మంలో నిలబడతాడు. ఆ కార్డు 11 నెలలకే. ఒకే పొలం మీద ఇద్దరికీ ఇస్తారా, ఎవరిని ఆపుతారు?

మేడం: ఏ సర్వే నంబరు మీద ఇప్పటికే ఎవరికి రుణం ఉందో చూసి, వ్యవసాయ అధికారితో కూర్చుని సాగు చేస్తున్నది ఎవరో నిర్ధారించుకోవాలి. అది రెండో వారంలో పెట్టవలసిన సమావేశం. తీర్పు మాత్రం ప్రతి పొలానికీ వేరుగా ఉంటుంది.

పెద్దాయన: సమావేశాలన్నారు కాబట్టి చెబుతున్నాను. రైతుల సమావేశం పెడితే ఎవరొస్తారు? సక్రమంగా కట్టేవాళ్లు. బాకీ ఉన్నవాడు ముందు వరుసలో కూర్చోడు. మీ జాబితాలో ఎవరిని వెతుకుతున్నారో వాళ్లు రారు.

మేడం: అందుకే వాళ్లను సమావేశానికి పిలవను. ఒక్కొక్కరినీ ఇంటికెళ్లి కలవాలి. సమావేశాలు ఎవరితో పెట్టాలో వాళ్లతోనే. సిబ్బందితో విడివిడిగా, తలా అరగంట, జూలై 10 లోపు. క్యాషియర్‌ను అడిగే ప్రశ్న, ఫీల్డ్ ఆఫీసర్‌ను అడిగే ప్రశ్న వేరు. ఇద్దరినీ కలిపి అడిగితే ఇద్దరూ మొహమాటపడతారు. తర్వాత పొదుపు సంఘాల మండల సమాఖ్య మహిళలు, ఆ సంఘాల పని చూసే వెలుగు అధికారి ఏపీఎం. ఇక ఆడిట్ నివేదికలో మూసివేయని అంశాలు ఏమిటో పాత మేనేజరుతో ఫోన్లో మాట్లాడాలి. ఆయన కొత్త చోట కుదురుకున్నాక, చార్జి రోజు చెప్పనివి చెబుతాడు.

కొత్త మేనేజరు: ఇంటికి వెళ్లేటప్పుడు బ్యాంక్ మిత్రను తీసుకెళ్లవచ్చా?

పెద్దాయన: తప్పకుండా. అతను లేకపోతే ఇల్లే దొరకదు.

మేడం: వద్దు. అతను ఊళ్లో పింఛను డబ్బు ఇచ్చేవాడు, పొదుపు కట్టించుకునేవాడు. బాకీ అడిగే మేనేజరు పక్కన అతను కనిపిస్తే, మరుసటి రోజు అతని దగ్గర డబ్బు వేయడానికి ముసలివాళ్లు సందేహిస్తారు.

పెద్దాయన: అమ్మా, ఫీల్డ్ ఆఫీసర్‌తో వెళితే ఆఫీసు వచ్చిందని ఇంటి వెనక నుంచి వెళ్లిపోతారు. నా అనుభవంలో బ్యాంక్ మిత్ర పక్కనుంటేనే మంచం వేసి కూర్చోబెట్టారు.

మేడం: మిమ్మల్ని కూర్చోబెట్టారు. తర్వాత అతని కమీషన్ ఏమైందో మీరు చూశారా?

పెద్దాయన: చూడలేదు. కానీ మీరూ చూడలేదు కదా.

మేడం: ఒక ఊళ్లో చూశాను. అదొక్కటే ఊరు, అందరికీ వర్తిస్తుందని చెప్పను.

ఈ సంగతి వాళ్ల మధ్య తేలలేదు.

పెద్దాయన: ఒక తేదీ మాత్రం మీ క్యాలెండరులో లేదు, నేను కలుపుతాను. పత్రాల కాలపరిమితి. మూడేళ్ల క్రితం ఆగస్టులో సంతకాలు చేసిన పంట రుణాలకు ఈ ఆగస్టులో గడువు. గడువులోపు రైతు బాకీ ఒప్పుకుంటూ సంతకం పెడితే మళ్లీ మూడేళ్లు. ఒక్క రోజు దాటాక పెట్టిన సంతకానికి ఆ బలం ఉండదు, మళ్లీ కొత్తగా చెల్లింపు హామీ రాయించుకోవాలి. అలా రాయడానికి ఎవరు ఒప్పుకుంటారు? చేరగానే ఆ జాబితా తీయాలి. మంచి రైతు దగ్గర ఆలస్యం చేస్తాం, ఆయన ఎటూ పోడని. కోర్టులో ఓడేది అక్కడే.

మేడం: ఇది నాకన్నా మీరే ముందు చెప్పారు. ఆ జాబితాను మొదటి పది రోజుల్లో తీసి ఊరివారీగా విడగొట్టాలి. ఎస్‌ఎంఏ ఇంటికి వెళ్లేటప్పుడు అదే ఊళ్లో ఈ సంతకాలూ తీసుకోవచ్చు. రెండు ప్రయాణాలు ఒకటవుతాయి.

కొత్త మేనేజరు: మరి జూలై 2 సాయంత్రం ఖాళీగా ఉంటాను. ముందు ఎక్కడికి వెళ్లను?

పెద్దాయన: కాలువ అవతలి ఊరికి.

మేడం: బట్టల దుకాణానికి. ఊరికి మీరు ఆగస్టులో వెళ్లినా సంతకం దొరుకుతుంది, వాళ్ల గడువు జాబితా చూసుకుంటే చాలు. ఆ దుకాణదారు మాత్రం మూడో వాయిదా పేరుకోక ముందే మాట వినే స్థితిలో ఉంటాడు.

పెద్దాయన: దుకాణం బజారులోనే ఉంది కదా, బ్రాంచికి వెళ్లేటప్పుడు కలవండి. సాయంత్రం ఊరికి వెళ్లండి.